లాకప్ చావు తర్వాత మొదటి ఇరవై నాలుగు గంటలు

మిత్రులారా, స్టేషన్‌లో మనిషి చచ్చిపోయిన ప్రతిసారీ మనం "న్యాయ విచారణ జరపాలి" అని నినాదమిస్తాం. సాయంత్రానికి ఆర్డీవో వస్తాడు, శవ పంచనామా రాస్తాడు. "విచారణ మొదలైంది" అని పేపర్లో వస్తుంది. మనం టెంటు ఎత్తేస్తాం. మోసం అక్కడే జరుగుతుంది. ఆర్డీవో జడ్జి కాదు. కలెక్టరు, ఎస్పీ ఉన్న పాలనా యంత్రాంగంలోనే ఆయనా ఒక భాగం.

2006 జూన్ 23 నుంచి చట్టం మారింది. పాత సీఆర్‌పీసీలో 176(1ఏ) అనే సెక్షన్ చేర్చారు. పోలీసు కస్టడీలో ఎవరైనా చనిపోయినా, మాయమైనా, అత్యాచారానికి గురైనా పోలీసుల దర్యాప్తుతో పాటు జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విడిగా విచారణ జరపాలి. చావు జరిగిన ఇరవై నాలుగు గంటల్లో శవాన్ని పరీక్షకు పంపాలి. వీలైనంత వరకు కుటుంబానికి కబురు చెప్పి, విచారణలో కూర్చోనివ్వాలి. ఇప్పుడు ఇదే బీఎన్ఎస్ఎస్ 196లో ఉంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, తప్పనిసరిగా జరగాల్సిన పని.

మరి నిజంగా ఎలా జరుగుతుందో అడ్డగూడూరులో చూశాం. 2021 జూన్ 18న యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆ స్టేషన్‌లో వంట చేసుకుని బతికే ఒక దళిత తల్లి చనిపోయింది. ఆమె మీద మోపింది దొంగతనం. కొడుకునూ పట్టుకొచ్చారు. పోస్టుమార్టం అయింది, పూడ్చిపెట్టారు. తర్వాత హక్కుల సంఘం హైకోర్టుకు వెళ్తేగానీ కదలిక రాలేదు. ఆలేరు మేజిస్ట్రేట్ విచారించాలని, పాతిపెట్టిన దేహాన్ని వెలికితీసి మళ్లీ పోస్టుమార్టం చేయాలని కోర్టు ఆదేశించింది. జూలైలో ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుంచి తీసేశారు. మొదటి రోజే దానంతటదే జరగాల్సిన పనికి హైకోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది. ఆ గడప దాకా వెళ్లలేని వాడల సంగతేమిటి?

రెండో పోస్టుమార్టం ఎందుకంత ముఖ్యమో కూడా తెలుసుకోవాలి. డాక్టరు ముందుకు శవంతో పాటు పోలీసుల కాగితం కూడా వస్తుంది. అందులో "గుండెపోటు అనుమానం" అని ఉంటే చూపు గుండె మీదికే పోతుంది. అరికాళ్ల మీద, తొడల వెనక, పిరుదుల మీద కొట్టిన దెబ్బలు పైకి కనపడకపోవచ్చు. చర్మం కోసి లోపల గడ్డకట్టిన రక్తాన్ని చూస్తేనే తెలుస్తుంది. రిపోర్టులో ఆ భాగాలు కోసి చూసినట్టు రాయలేదంటే, వెతకలేదనే అర్థం. పోస్టుమార్టం మొత్తం వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎప్పుడో చెప్పింది. ఆ వీడియో అడగండి. ఆలస్యమయ్యేకొద్దీ దేహం సాక్ష్యం చెప్పడం మానేస్తుంది.

"కమిషన్ ఉంది కదా" అంటారు కొందరు. కస్టడీ చావును ఇరవై నాలుగు గంటల్లో కమిషన్‌కు తెలపాలనే నియమం 1993 నుంచీ ఉంది. కానీ కమిషన్ చేసేది సిఫారసే. పరిహారం ఇప్పించగలదు గానీ, ఎస్సైని తానే జైలుకు పంపలేదు. ఘటన జరిగి ఏడాది దాటితే విచారించడానికి వీల్లేదని దాని చట్టమే చెబుతోంది. పైగా దాని దర్యాప్తు విభాగానికి అధిపతి డీజీ స్థాయి పోలీసు అధికారి.

ఈ లోటు తీర్చడానికే 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమంది. జిల్లాలో రిటైర్డ్ జిల్లా జడ్జి, రాష్ట్రంలో రిటైర్డ్ హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి అధ్యక్షులు. డీఎస్పీ దాకా జిల్లా అథారిటీ, ఎస్పీ ఆపైన రాష్ట్ర అథారిటీ చూడాలి. అధ్యక్షుణ్ణి ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు పెట్టకూడదు, ప్రధాన న్యాయమూర్తి ఇచ్చిన పేర్లలోంచే ఎంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, క్రిమినల్ చర్య తీసుకోమని అథారిటీ చెబితే పాటించి తీరాలి. రాష్ట్రాలు చట్టాలూ జీవోలూ రాసుకునేటప్పుడు సరిగ్గా ఇక్కడే కత్తెర వేశాయి. జడ్జిల పేర్ల జాబితా తీసేశాయి, "పాటించాలి" ఉన్నచోట "సిఫారసు చేయవచ్చు" అని పెట్టాయి. బోర్డు మిగిలింది, కోరలు పోయాయి.

అందుకే ఏ సంస్థనైనా మూడు ప్రశ్నలతో కొలవండి. ఎవరు నియమించారు? దర్యాప్తు చేసేవాళ్లు ఎవరి మనుషులు? దాని మాట ఎవరైనా వినాల్సిందేనా? మూడింటికీ జవాబు "ప్రభుత్వం, పోలీసులు, అక్కర్లేదు" అయితే అది నిఘా సంస్థ కాదు, ఇంకో టేబులు.

రేపు ఎక్కడైనా ఇలాంటి చావు జరిగితే ఎస్పీ ఆఫీసు ముందు కూర్చోవడంతో ఆగొద్దు. అదే రోజు ఆ ప్రాంతపు జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు కుటుంబం పేరుతో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. చనిపోయింది ఎస్సీ, ఎస్టీ మనిషైతే అట్రాసిటీ చట్టం సెక్షన్లు ఎఫ్ఐఆర్‌లో మొదటి రోజే ఉండాలని అడగండి. మేజిస్ట్రేట్ వచ్చి చూసేదాకా ఖననానికి తొందరపడకండి. వాళ్ల తొందరంతా ఆ గుంత పూడ్చేయడానికే.

జై భీమ్.