ఇచ్చిన జవాబుకు తాళం

సర్వేమంకీ ఉచిత ప్లాన్‌లో ఒక సర్వేకు 10 ప్రశ్నలే పెట్టుకోవచ్చు. జవాబులు ఎన్ని వచ్చినా 25 మాత్రమే కనిపిస్తాయి. మిగతావి చూడాలంటే డబ్బు కట్టాలి. పరిమితి దాటి వచ్చిన జవాబును 60 రోజుల తర్వాత చెరిపేస్తారు. టైప్‌ఫామ్ ఉచిత ఖాతాకైతే నెలకు 10 జవాబులే.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంఘం నీటి ట్యాంకర్ల మీద సర్వే పెట్టిందనుకుందాం. లింకు వాట్సాప్ గ్రూపులో పడగానే నింపేది ఫోను చేతిలో ఉన్నవాళ్లు. డ్యూటీ దిగి వచ్చినవాళ్లు, మనవడి చేత నింపించుకునే పెద్దవాళ్లు ఆ రాత్రికో మర్నాటికో పంపుతారు. మొదటి 25 దగ్గరే తెర పడితే సంఘం చేతికొచ్చేది తొందరగా స్పందించినవాళ్ల అభిప్రాయం. ఫలితాలను ఎంతమంది జవాబులతో లెక్కకట్టారు, మొత్తం ఎంతమంది పంపారు అన్న రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ తేడా బయటపడుతుంది.

జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారే సౌకర్యం కొన్ని చోట్ల డబ్బు కట్టినవాళ్లకే. అది లేకపోతే ట్యాంకరు కొననివాళ్లకూ ‘నెలకు ఎన్ని కొంటారు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. వాళ్లు సున్నా వేస్తారు. 40 మందిలో 10 మంది తలా మూడు కొంటూ, 30 మంది సున్నా వేస్తే సగటు ముప్పావు ట్యాంకరు! కొనే ఇళ్ల అసలు సగటు మూడు. ఒక్కో మనిషి జవాబు ఒక్కో వరుసలో ఉన్న ఫైలు చేతిలో ఉంటే ఆ సున్నాలను తీసేసి నిమిషంలో సరిచేయవచ్చు. ఆ ఫైలును దించుకోవడం కూడా డబ్బు కట్టినవాళ్లకే అయితే సంఘానికి మిగిలేది ఆ తప్పు సగటు చూపే బొమ్మ ఒక్కటే.

మంచి సౌకర్యాలకు కంపెనీ డబ్బు తీసుకోవడం న్యాయమే. అడ్డదిడ్డంగా వాడేవాళ్ల కోసం హద్దులు పెట్టుకోవడమూ సబబే. కానీ పరిమితి నిండాక కూడా ఫారం తెరిచే ఉంచి, జనం సమయం వెచ్చించి ఇచ్చిన జవాబును దాచి, దాన్ని చూపడానికి ధర అడగడం అన్యాయం. పరిమితి నిండిన క్షణాన ఫారం మూసేసి, నింపడానికి వచ్చినవాళ్లకు ఆ మాట చెప్పాలి.

అంతవరకు జాగ్రత్త సర్వే పెట్టేవాళ్లదే. లింకు పంపకముందే మూడు ఉత్తుత్తి జవాబులు నింపి, ఫైలు దించుకుని, మూడు వరుసలూ వచ్చాయో లేదో చూసుకోవాలి. గూగుల్ ఫామ్స్‌లో జవాబులు డబ్బు కట్టకుండానే షీట్‌లోకి చేరతాయి. ప్రశ్నలను సెక్షన్లుగా విడగొడితే దారి మళ్లించడమూ కుదురుతుంది. అయితే ఒక్కటే ఎంచుకునే ప్రశ్న, డ్రాప్‌డౌన్ ప్రశ్న నుంచే అలా మళ్లుతుంది. అంకె రాయించే ప్రశ్న నుంచి కుదరదు. కాబట్టి ముందు ‘ట్యాంకరు కొంటారా?’ అని అడిగి, అవునన్నవాళ్లనే ‘ఎన్ని?’ ఉన్న సెక్షన్‌కు పంపాలి.