క్యూ రెట్టింపైతే చేతులు రెట్టింపు కావు

కౌంటరు ముందు క్యూ హఠాత్తుగా రెట్టింపైనప్పుడు పైనుండి వచ్చే ఆదేశం ఒక్కటే: ‘ఎలాగో సర్దుకోండి’. ఆ ‘ఎలాగో’ ఏమిటో ఆదేశించిన వారు చెప్పరు. కనుక మేమే చెప్పదలచాము.

రెండు కౌంటర్లున్న ఒక బుకింగ్ ఆఫీసును తీసుకుందాం. పాసింజరు బండికి ఇంకా 20 నిమిషాలున్నది. గమ్యం అడిగి, టికెట్టు ఇచ్చి, డబ్బు లెక్కించి, చిల్లర చెల్లించడానికి మనిషికి 40 సెకన్లు పడుతుందనుకుందాం. అంటే 2 నిమిషాలకు ముగ్గురు, 20 నిమిషాలకు 30 మంది. ఒక్కొక్క కౌంటరు ముందు సరిగ్గా 30 మంది ఉన్నారు. అంతలో రెండవ కౌంటరు ప్రింటరు ఆగిపోయింది. 60 మందీ ఒకే కిటికీకి చేరారు. వారికి 40 నిమిషాలు కావాలి. బండి అంతవరకు ఆగదు.

ఈ ఒత్తిడిలో గుమాస్తా మొదట వదిలేది నోట్లు సరిచూడడం, గమ్యం తిరిగి చదివి చెప్పడం. మిగిలేవి కొద్ది సెకన్లే. రాత్రి క్యాషు తక్కువైతే భర్తీ చేయవలసింది అతడే. తొందరపెట్టిన వారి జేబులోనుండి ఒక్క రూపాయీ రాదు. కనుక ఈ రెంటినీ ఎన్నడూ వదలరాదు.

వాయిదా వేయవలసినవి వేరే ఉన్నవి: తరువాతి బండ్ల టికెట్లు, సీజను టికెట్లు, గడువు మించిపోని రద్దులు. 60 మందిలో ఈ బండికి 35 మంది ఉన్నారనుకుంటే, వారికి 23 నిమిషాలు పైచిలుకు చాలును. ఇక మిగిలేది ఐదుగురే.

వీరిని వేరుచేసేదెవరు? ప్రింటరు ఆగిన కౌంటరు గుమాస్తాయే. అతడిని మొదటి కౌంటరు సొరుగు దగ్గర కూర్చోబెట్టరాదు; ఒక సొరుగులో ఇద్దరి చేతులు పడితే లోటు ఎవరిదో తేలదు. అతడు బయటికి వచ్చి క్యూను రెండుగా విడదీయాలి, వేచి ఉండవలసిన వారికి ఎప్పుడు రావాలో చెప్పాలి, వీలైనవారిని టికెట్టు యంత్రం వద్దకు పంపాలి. అప్పటికీ మిగిలినవారికి 1989 రైల్వే చట్టం 55వ సెక్షనులో దారి ఉన్నది: అధికారంగల రైల్వే ఉద్యోగి అనుమతిస్తే, ఛార్జీ తరువాత చెల్లించే షరతుపై ధ్రువపత్రంతో ప్రయాణించవచ్చును. ఆ నిర్ణయం సూపర్వైజరుది, గుమాస్తాది కాదు. నోటిమాటగా తప్పించుకోనివ్వక ఆయనచేతనే చేయించాలి.

తపాలా సోదరులకు బండి వేళ స్థానంలో సంచీ కట్టే వేళ ఉన్నది. ఆ సంచీలో పోవలసినవి ముందు, పొదుపు ఖాతాల పని తరువాత.

40 సెకన్ల లెక్కన, క్యూలోని తలలు మిగిలిన నిమిషాలకు ఒకటిన్నర రెట్లు దాటిన క్షణమే సూపర్వైజరును పిలవండి. ప్రింటరు ఆగిన వేళ, క్యూ సంఖ్య, ఎవరికి తెలియజేసినదీ డైరీలో వ్రాయండి. రేపు ఫిర్యాదు వస్తే, ‘నెమ్మది గుమాస్తా’ అన్న నిందకు ఆ నాలుగు పంక్తులే జవాబు.