గొలుసు బ్యాంకులోనే ఉండనీ

"ఏవండీ, చీటీల ఆయన బజార్లో కనబడి పాప ఫీజు కట్టేశారా అని అడిగాడు. మార్చిలో మీరు చీటీ పాడుకున్నది ఆ ఫీజు కోసమేనట కదా. కట్టేశామండీ అని నవ్వి ఇంటికొచ్చాను. బీరువా తీసి చూస్తే గొలుసు పెట్టె ఉంది, గొలుసు లేదు."

కోస్తాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక ఇల్లాలు తన భర్తకు రాసిన ఉత్తరం నకలు మాకు పంపారు. పేర్లూ ఊరూ తీసేసి వాడుకోమన్నారు. ఆయన మోటారు బైకుల షోరూంలో అకౌంటెంటు, జీతం 38,000. ఆమె మిషను కుట్టి నెలకు 9,000 దాకా తెస్తారు. క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో పోయిన డబ్బు సంగతి నిలదీసినప్పుడు ఆయన మొదట రెండు లక్షలన్నారు. వారం తిరిగేసరికి అది నాలుగున్నర అయింది. అప్పుడామె ఇంకేమీ అడగకుండా ఉత్తరం రాసి టిఫిన్ బాక్సు సంచిలో పెట్టారు.

అందులో ఏడుపు లేదు, శాపనార్థాలూ లేవు. "మా అన్నయ్య ఐదు లక్షలిస్తానన్నాడు. నేనే వద్దన్నాను. మీరు చెప్పింది నాలుగున్నర కాబట్టి ఐదు సరిపోతుందని వాడి లెక్క. మీరు చెప్పింది నిజమేనని నాకు నమ్మకం లేదు. ముందు అంతా కాగితం మీద పెట్టండి. దాని తర్వాత ఎంత కష్టమైనా ఇద్దరం పడదాం."

ఈ వద్దనడమే సరైన పని అని మా నిశ్చితాభిప్రాయం. మన ఇళ్లలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. పరువు పోతుందని మామగారు పొలం అమ్ముతారు, భార్య నగలు తీసిస్తుంది, రాత్రికి రాత్రి బాకీ తీరుతుంది. బంధువుల్లో ఎవరికీ తెలియదు. ఏడాది తిరక్కుండా మళ్లీ అదే కథ. కారణం అల్లుడి గుణం ఒక్కటే కాదు. అప్పు తీరగానే అప్పు పుట్టే దారి మళ్లీ తెరుచుకుంటుంది. కార్డు లిమిట్ ఖాళీ అవుతుంది, వాయిదాలు మూసేసిన ఖాతాదారుకి కొత్త లోను మంజూరైందని మెసేజ్‌లు మొదలవుతాయి. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న యావ అప్పటికింకా చల్లారదు. అలాంటి మనిషి చేతికి మనమే కొత్త పెట్టుబడి అందిస్తున్నామన్నమాట.

ఉత్తరం అందాక వచ్చిన ఆదివారం ఇద్దరూ నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నారు. క్రెడిట్ రిపోర్టు తీశారు. ఏడాదికోసారి పూర్తి నివేదికను ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఉచితంగా ఇచ్చి తీరాలి. బ్యాంకు పర్సనల్ లోను 2,40,000, కార్డు 85,000, గొలుసు మీద 1,60,000, మూడు లోన్ యాప్‌లలో 95,000. మొత్తం 5,80,000 కనిపించింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈమె ఆగలేదు. రిపోర్టులో చేబదుళ్లుండవు, పాడేసిన చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలుండవు, అనుమతి లేని యాప్‌ల అప్పులుండవు. నిన్న మొన్న తీసుకున్న అప్పు ఎక్కడానికీ కొంత సమయం పడుతుంది. అందుకే ఆమె ఆయన ఫోన్లోని యూపీఐ చెల్లింపుల్ని ఏడాది వెనక్కి తిప్పి, తెలియని పేరు కనిపించిన చోటల్లా ఇదెవరని అడిగారు. అలా 2,50,000 బయటపడింది: చీటీకి 1,40,000, మరో యాప్‌కి 20,000, స్నేహితుల దగ్గర తీసుకున్నానని చెప్పింది 90,000. మొత్తం 8,30,000. ఆమె అన్నయ్య ఐదు లక్షలు ఇచ్చేసి ఉంటే మిగిలిన 3,30,000 చీకట్లోనే ఉండిపోయేది, దాన్ని తీర్చడానికంటూ ఆయన మళ్లీ పందెం కాసేవారు.

ఆ 90,000లో 35,000 చేబదులు కాదు, ఒక బుకీకి పడ్డ పందెం బాకీ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ బాకీ కోసం కోర్టుకెళ్లే హక్కు ఎవరికీ లేదు. బ్యాంకుదీ యాప్‌దీ అలా కాదు. ఆ డబ్బుతో ఏం చేసినా అప్పు అప్పే. అయితే సంతకం పెట్టని భార్య దానికి బాధ్యురాలు కాదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక వసూలు ఫోన్లు చేయకూడదని, కుటుంబ సభ్యుల్నీ స్నేహితుల్నీ వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. ఆ వేధింపులకు భయపడి ఇంకో యాప్‌లో అప్పు చేసేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

నెలవారీ వాయిదాలు లెక్కేస్తే 45,800. ఇంటి రాబడి 47,000. మనలో చాలామంది ముందు గొలుసు విడిపించుకుందామంటాం, అది పుట్టింటి బంగారం కదా! ఆమె మాత్రం ఇలా రాశారు: "నా గొలుసు ఆఖర్న. అది బ్యాంకులో ఉంటే మీరు అమ్మలేరు, నేను జాలిపడి ఇవ్వలేను." వడ్డీ లెక్కలోనూ ఆ మాట సబబే. కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది, అంటే ఏడాదికి నలభై దాకా. బంగారం మీద బ్యాంకు వడ్డీ అందులో పావు వంతు ఉంటుంది. ఖరీదైన అప్పు ముందు, చవకది తర్వాత. అన్నగారి సాయం కూడా ఆమె తీసుకున్నారు, కానీ మరో రూపంలో: ఆరు నెలలపాటు నెలకు 12,000, ఇంటి ఖర్చుకి, తన ఖాతాలోకి. జీతం పడగానే వాయిదాలు ఆమే కడతారు. ఆయన చేతికి పెట్రోలుకు 3,000.

ఇక ప్రభుత్వాల వంతు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను పార్లమెంటు 2025 ఆగస్టులో నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవారిని ఆ చట్టం శిక్షించదు, అది తెలివైన పని. మన రెండు రాష్ట్రాల గేమింగ్ చట్టాలు మాత్రం ఆడినవారినీ నేరస్థులుగానే చూస్తాయి. ఆ భయంతోనే ఈ ఉత్తరంలోని భర్త, అనుమతి లేని యాప్ తన ఫోటోలు బంధువులకు పంపుతానని బెదిరించినా 1930కి ఫోన్ చేయలేదు. అప్పెందుకు చేశావని అడిగితే ఏం చెప్పాలి? నిర్వాహకుణ్ణీ ఏజెంటునూ పట్టుకోండి, అద్దె బ్యాంకు ఖాతాలు నడిపేవారిని పట్టుకోండి. ఆడి మునిగినవాణ్ణి కేసు నుంచి మినహాయిస్తూ రాష్ట్రాలు చట్టం సవరించాలి. అప్పటిదాకా నిషేధం వల్ల పెరిగేది దాపరికమే. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో చేర్చింది. టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆయన చేత ఆ ఫోన్ చేయించడానికి ఆమెకు నెల పట్టింది.

ఉత్తరం రాసి ఏడు నెలలైంది. మధ్యలో ఒకసారి ఆయన 2,000 పెట్టి ఆడారు, ఆ రాత్రే చెప్పేశారు. "ఆ చెప్పడం చూసి నాకు కోపం కంటే ధైర్యం వచ్చింది" అని ఆమె మాకు రాసిన చీటీలో ఉంది. ఆఖరి యాప్ బాకీ పోయిన నెల తీరింది. నోటుబుక్కులో ఆ వరస మీద గీత కొట్టింది ఆయనేనట. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.