టెలికాం కంపెనీకి తక్కువ మార్కులు ఎందుకు? ధరల ఫిర్యాదు వెనుక దాగిన అసలు కారణం

‘మా నెట్‌వర్క్‌ను మీ స్నేహితులకో బంధువులకో సిఫారసు చేస్తారా? 0 నుంచి 10 మధ్య ఒక అంకె ఇవ్వండి.’ రీచార్జ్ చేశాకో, కస్టమర్ కేర్‌తో మాట్లాడాకో ఇలాంటి ఎస్ఎంఎస్ చాలామందికి వస్తుంది. ఆ అంకెలతో కంపెనీలు లెక్కగట్టేదే నెట్ ప్రమోటర్ స్కోర్, పొట్టిగా ఎన్‌పీఎస్. ఫ్రెడ్ రైకెల్డ్ 2003 డిసెంబర్‌లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఇది ప్రాచుర్యంలోకి వచ్చింది.

లెక్క చాలా సులువు. 9, 10 ఇచ్చినవారు ప్రమోటర్లు. 7, 8 ఇచ్చినవారు తటస్థులు. 0 నుంచి 6 వరకు ఇచ్చినవారు డిట్రాక్టర్లు, అంటే పెదవి విరిచేవారు. ప్రమోటర్ల శాతంలోంచి డిట్రాక్టర్ల శాతం తీసేస్తే స్కోరు వస్తుంది. వాళ్లు ఎందుకు పెదవి విరిచారన్నది మాత్రం ఈ అంకె చెప్పదు. అది కనుక్కోవడంలోనే కంపెనీలు తరచూ తప్పటడుగు వేస్తాయి.

అందరూ చెప్పేది ధరల గురించే

2024 జులై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా వరసగా టారిఫ్‌లు పెంచాయి. ప్లాన్‌ను బట్టి పెంపు సుమారు 10 నుంచి 27 శాతం దాకా ఉంది. ట్రాయ్ లెక్కల ప్రకారం ఆ ఒక్క నెలలో బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షలకు పైగా కనెక్షన్లు పెరిగాయి, మూడు ప్రైవేటు కంపెనీలకూ తగ్గాయి. అదే ఏడాది నవంబర్‌కు వచ్చేసరికి బీఎస్ఎన్ఎల్‌కే చందాదారులు తగ్గారు. ధర చూసి వెళ్లినవారిని ధర ఒక్కటే నిలబెట్టలేదని ఇది సూచిస్తుంది.

ఇలాంటి సమయంలో ఒక సర్వే ఎలా ఉంటుందో ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. లెక్క తేలిగ్గా అర్థమయ్యేందుకు అంకెలు మనమే వేసుకుందాం. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఒక కంపెనీకి 2,000 మంది జవాబిచ్చారు. ప్రమోటర్లు 640 మంది (32 శాతం), తటస్థులు 660 మంది, డిట్రాక్టర్లు 700 మంది (35 శాతం). స్కోరు మైనస్ 3.

కారణం అడిగితే 700 మందిలో 280 మంది ధర అన్నారు, 210 మంది నెట్‌వర్క్ అన్నారు, మిగతావారు రకరకాలుగా చెప్పారు. మీటింగ్‌లో ఈ చార్టు చూడగానే ‘ధరే సమస్య, ఆఫర్లు ఇద్దాం’ అని తేల్చేస్తారు.

కానీ టారిఫ్ అందరికీ పెరిగింది. 9, 10 ఇచ్చినవారిని ‘ఏం బాగోలేదు’ అని అడిగినా చాలామంది ధరే అంటారు. అభిమానికీ అసంతృప్తుడికీ ఉమ్మడిగా ఉన్న ఫిర్యాదు ఆ ఇద్దరి మధ్య తేడాను వివరించలేదు.

వ్యాఖ్యలను వర్గీకరించడంలో ఇంకో చిక్కుంది. ‘నెట్ రావట్లేదు’ అంటే సిగ్నల్ సమస్య. ‘నెట్ తొందరగా అయిపోతోంది’ అంటే రోజువారీ డేటా చాలట్లేదని, అంటే అది ప్లాన్ మీద అసంతృప్తి. ‘నెట్’ అన్న ఒక్క మాట పట్టుకుని లెక్కేసే సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకే గంపలో వేస్తుంది. పైగా మనవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, తలా ఒక స్పెల్లింగ్‌తో టైప్ చేస్తారు. కొన్ని వందల వ్యాఖ్యలనైనా భాష తెలిసిన మనిషి చదవక తప్పదు.

చెప్పింది కాదు, జరిగింది చూడాలి

అందుకే జవాబిచ్చిన ప్రతి నంబర్‌నూ కంపెనీ దగ్గరున్న రికార్డులతో జతచేయాలి. గత మూడు నెలల్లో ఎన్నిసార్లు ఫిర్యాదు చేశారు? ఇంటి దగ్గరి టవర్ సాయంత్రం ఎంత రద్దీగా ఉంటోంది?

మన ఉదాహరణలో ఫిర్యాదే చేయని 1,500 మందిలో డిట్రాక్టర్లు 450 మంది, అంటే 30 శాతం. ఒకసారి ఫిర్యాదు చేశాక సమస్య తీరిన 250 మందిలో 80 మంది, 32 శాతం. ఒకే సమస్యపై రెండోసారి ఫోన్ చేయాల్సి వచ్చిన 250 మందిలో మాత్రం 170 మంది, ఏకంగా 68 శాతం. సమస్య రావడం కంటే, అది తీరక మళ్లీ ఫోన్ చేయాల్సి రావడమే మనసు విరిచేస్తోందన్నమాట.

ఈ విషయం మామూలు నివేదికల్లో దొరకదు. ప్రతి ఫిర్యాదుకూ ఒక డాకెట్ నంబర్ ఉంటుంది. మొదటిది మూసేశాక మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబర్ పడుతుంది. రికార్డులో అవి రెండు ‘పరిష్కారాలు’, వినియోగదారుడికి తీరని ఒకే సమస్య. ఒకే మొబైల్ నంబర్ నుంచి ఒకే రకం ఫిర్యాదు 30 రోజుల్లో మళ్లీ వచ్చిందా అని వెతికితేనే ఇది బయటపడుతుంది.

మూలం నెట్‌వర్కేనా?

ఇక్కడ ఒక న్యాయమైన అనుమానం వస్తుంది. టవర్ రద్దీగా ఉన్నచోటే ఫిర్యాదులు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి అసలు దోషం నెట్‌వర్క్‌దేనేమో? తేల్చాలంటే రెండు రకాల ప్రాంతాలనూ విడివిడిగా చూడాలి.

టవర్ సవ్యంగా ఉన్నచోట, మళ్లీ ఫోన్ చేయని 1,400 మందిలో 390 మంది డిట్రాక్టర్లు, దాదాపు 28 శాతం. మళ్లీ చేసిన 100 మందిలో 58 మంది. రద్దీ ప్రాంతంలో మళ్లీ చేయని 350 మందిలో 140 మంది, 40 శాతం. మళ్లీ చేసిన 150 మందిలో 112 మంది, దాదాపు 75 శాతం. అంటే నెట్‌వర్క్ ప్రభావం నిజమే. కానీ నెట్‌వర్క్ ఒకేలా ఉన్నచోట కూడా మళ్లీ ఫోన్ చేసినవారిలో అసంతృప్తి 30 పాయింట్లకు పైగా ఎక్కువ.

పునరావృత ఫిర్యాదులను తీర్చి, ఆ 250 మందినీ తమ ప్రాంతంలోని మిగతావారి స్థాయికి తేగలిగితే డిట్రాక్టర్లు సుమారు 82 మంది తగ్గుతారు. టవర్ల రద్దీ ఒక్కటే తీరిస్తే తగ్గేది 67 మంది. రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అయితే టవర్ల సామర్థ్యం పెంచడానికి స్పెక్ట్రమ్, పరికరాలు, సమయం కావాలి. డాకెట్ మూసేముందు వినియోగదారుడిని ఒకసారి అడగడానికి అంత ఖర్చు ఉండదు.

ఈ లెక్క చెప్పలేనివి

రెండూ చక్కదిద్దినా 700 మందిలో దాదాపు 560 మంది మిగులుతారు. వారిలో ధర పాత్ర ఎంతో ఈ సర్వే తేల్చలేదు, ఎందుకంటే పెంపు తగలని వినియోగదారుడు పోల్చడానికి దొరకడు. ముందే కోపంగా ఉన్నవారే ఎక్కువసార్లు ఫోన్ చేస్తారనే అవకాశమూ ఉంది. అందుకే డాకెట్ మూసే కొత్త పద్ధతిని ముందు కొన్ని జిల్లాల్లోనే పెట్టి, మిగతా జిల్లాలతో పోల్చి చూడాలి.

స్కోరులో చిన్న కదలికలనూ నమ్మడానికి లేదు. 2,000 మంది సర్వేలో మైనస్ 3 అంటే అసలు స్కోరు దానికి అటూ ఇటూ మూడున్నర పాయింట్ల మేర ఉండొచ్చు. వచ్చే త్రైమాసికంలో సున్నాకు చేరితే కేక్ కట్ చేయాల్సిన పనిలేదు.

అన్నిటికంటే పెద్ద లోపం జవాబిచ్చేవారిలోనే ఉంది. 1900కు పోర్ట్ మెసేజ్ పెట్టి వెళ్లిపోయిన వ్యక్తికి పాత కంపెనీ సర్వే అందదు. అత్యంత అసంతృప్తులు నిష్క్రమించాక మిగిలినవారిని అడిగితే స్కోరు దానంతటదే మెరుగైనట్టు కనిపిస్తుంది. అందువల్ల స్కోరు పెరిగిందని ఏ కంపెనీ చెప్పినా, ఆ త్రైమాసికంలో ఎంతమంది పోర్ట్ అయ్యారో కూడా అడగాలి.