లోతు కాదు, వెడల్పే పొలాన్ని కాపాడుతుంది

జోరువాన వెలిసిన మర్నాడు నల్లరేగడి చేలో నడిస్తే, పల్లంగా ఉన్న చోట నీరు కోసుకుంటూ పోయిన చాలు కనిపిస్తుంది. రైతు దాన్ని దున్ని పూడ్చేస్తాడు. మరో పెద్దవాన అదే చోట మళ్లీ కోస్తుంది. కొన్నేళ్లకు ట్రాక్టరు దాటలేని ఒర్రె తయారవుతుంది. అప్పుడు జేసీబీ పిలిపించి, కింది వాగు దాకా ఇరుకైన లోతు కాలువ తవ్విస్తారు. భూమి మిగిలినట్టే అనిపిస్తుంది. నిజానికి అది నీటి కంటే ముందు యంత్రం తవ్విన ఒర్రె మాత్రమే.

పారే నీటి వేగాన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: నేల వాలు, నీటి లోతు, అడుగున ఉన్న గరుకుదనం. ఇరుకు కాలువలో లోతుగా పారే నీటిలో నేలను తాకేది కొంతే కాబట్టి ఘర్షణ తక్కువ, వేగం ఎక్కువ. అదే నీరు వెడల్పుగా, పలుచగా పరుచుకుంటే గడ్డి దాన్ని పట్టి ఆపుతుంది. ఉత్త మట్టి సుమారుగా సెకనుకు 0.6 మీటర్ల వేగాన్ని తట్టుకుంటుంది. గడ్డి వేళ్లు బాగా అల్లుకున్న నేల 0.9 మీటర్లను, ఇంకా ఒత్తుగా ఉంటే అంతకు మించి కూడా ఓర్చుకుంటుంది.

ఒక లెక్క చూద్దాం. పది ఎకరాల, అంటే సుమారు 4 హెక్టార్ల చేను. వాలు 2 శాతం, అంటే వంద మీటర్లకు 2 మీటర్లు. పదేళ్లకోసారి వచ్చే వాన గంటకు 90 మిల్లీమీటర్ల జోరుతో కురుస్తుందని, అందులో 40 శాతం పారుతుందని అనుకుందాం. 0.4 × 90 × 4 ÷ 360 = 0.4. అంటే సెకనుకు 0.4 ఘనపు మీటర్ల నీరు.

ఈ నీటిని 60 సెంటీమీటర్ల వెడల్పున్న మట్టి కాలువలోకి వదిలితే వేగం సెకనుకు 1.7 మీటర్లకు చేరుతుంది. మట్టి ఓర్పుకు అది దాదాపు మూడింతలు. అదే 0.9 మీటర్లకు మించకూడదంటే, పళ్లెంలా ఒంపు తిరిగిన గడ్డి కాలువలో నీరు మూడున్నర మీటర్ల వెడల్పున పరుచుకోవాలి. నడుమ లోతు 20 సెంటీమీటర్లు చాలు. గడ్డి పొడుగ్గా పెరిగితే నీరు నెమ్మదించి మట్టం లేస్తుంది కనుక, మరో పది సెంటీమీటర్లు కలిపి 30 సెంటీమీటర్ల లోతుకు చెక్కాలి. అప్పుడు పై వెడల్పు 4.3 మీటర్లు అవుతుంది.

వాలు 4 శాతమైతే? నీరు ఎక్కువ వాలులో తొందరగా పోతుంది కదా, కాలువ చిన్నదైనా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. జరగాల్సింది దానికి విరుద్ధం. వేగం పెరగకుండా లోతును 12 సెంటీమీటర్లకు తగ్గించి, నీటి వెడల్పును ఆరు మీటర్ల దగ్గరకు పెంచాలి. అందుకే మేస్త్రీల నీటిగొట్టంతో వాలును ముక్కముక్కలుగా కొలవాలి. సగటు వాలుతో గీసిన కాలువ నిటారు చోట కోసుకుపోతుంది, చదును చోట ఒండ్రుతో నిండిపోతుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1970ల నుంచే నల్లరేగడిలో వెడల్పు మడులు, చాళ్ల పద్ధతిని పరీక్షించింది. తక్కువ వాలున్న చాళ్ల నుంచి వచ్చే అదనపు నీటిని అక్కడ గడ్డి కాలువల్లోకే మళ్లించారు.

అమలులో తప్పులు సాధారణంగా మూడు చోట్ల జరుగుతాయి. మొదటిది తొందర. గరిక పిలకలు నాటి, ఒక వానాకాలం నీటిని చిన్న గట్టుతో పక్కకు మళ్లించి, గడ్డి అల్లుకున్నాకే వదలాలి. రెండోది అంచు. చేను దున్నినప్పుడు కాలువ ఒడ్డున మట్టి పేరుకుంటే నీరు లోపలికి దిగదు. కాలువ పక్కనే దానికి సమాంతరంగా కొత్త చాలు పడిందంటే ఇదే కారణం. ట్రాక్టరు బాటగా వాడినా టైరు గాడే కొత్త ఒర్రెకు మొదలవుతుంది. మూడోది చివర. కాలువ వాగులోకి నిటారుగా దూకే చోట రాళ్లు పేర్చకపోతే, అక్కడ మొదలైన కోత వానవానకూ ఎగువకు పాకుతుంది.

అయితే అసలు అడ్డంకి భూమి. 200 మీటర్ల పొడవున ఈ కాలువ సుమారు ఎనిమిదిన్నర గుంటలు తీసుకుంటుంది. పదెకరాల్లో ఇది రెండు శాతమే. కానీ ఆ పదెకరాలు నలుగురివైతే, నీరు అందరిదీ, పోయే భూమి మాత్రం పల్లంలో ఉన్న ఒక్కడిదీ. అతను ఒప్పుకోకపోవడం మొండితనం కాదు. నలుగురూ పంచుకుంటే మనిషికి రెండు గుంటల పైచిలుకే పడుతుంది. వాటర్‌షెడ్ పనుల అంచనాలో తవ్విన మట్టి ఘనపు మీటర్లతో పాటు ఈ భూమి పరిహారానికీ, గడ్డి కుదురుకునే ఏడాది నిర్వహణకూ పద్దు ఉండాలి. ఆ పద్దు లేనంత కాలం కాలువలు ఇరుకుగానే వస్తాయి, ఒర్రెలుగానే మారతాయి.