ప్రతీకము తలక్రిందులైన వేళ

రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి 25న దూరదర్శన్‌లో ప్రారంభమై 1988 జూలై వరకు ఆదివారపు ఉదయాలను ఆక్రమించింది. శుచిగా స్నానం చేసి, టీవీ పెట్టెకు పూలమాల వేసి, హారతి ఇచ్చి వీక్షించిన కుటుంబాలు దేశమంతటా ఉన్నవి. దీనిని ధర్మప్రచారమని కీర్తించే ఆస్తికులు ఒకవైపు, మూలవిరుద్ధమని నిందించే పండితులు మరొకవైపు. అసలు దోషం ఉభయుల దృష్టికీ అందలేదు.

పండితులు తరచు చూపే దృష్టాంతం లక్ష్మణరేఖ. వాల్మీకి అరణ్యకాండలో గీత లేదు. లక్ష్మణుడు వదినను వనదేవతల రక్షణకు అప్పగించి బయలుదేరతాడు. తెరపై మాత్రం రావణుని పాదం సమీపించగానే ఆ గీత నుండి జ్వాలలు లేస్తాయి. కానీ గీత సాగర్ కల్పన కాదు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలోనే అది ఉన్నది. కనుక మూలాతిక్రమణ అనే అభియోగం తెలుగువారి నోట నిలువదు. మన సంప్రదాయంలో ఒకే కథ పలు రూపాలతో జీవించింది, ఒక రూపం మరొక రూపాన్ని చెరిపివేయలేదు. ధారావాహిక వచ్చిన తరువాత ఆ జ్వాలారేఖ ఒక పాఠాంతరంగా మిగలక, జరిగిన సంగతిగా స్థిరపడింది. వాల్మీకంలో గీత లేదంటే ఆశ్చర్యపడే భక్తుడు, దానిని ఎక్కడ చదివాడో చెప్పలేడు, చూశాడు గనుక.

దీనికంటె లోతైన దోషం ఉపాసనకు సంబంధించినది. బ్రహ్మసూత్రాల చతుర్థాధ్యాయం ప్రతీకోపాసనకు నియమం విధించింది: ఉత్కృష్టమైన బ్రహ్మదృష్టిని నికృష్టమైన ప్రతీకపై నిలపవచ్చును గాని, బ్రహ్మమును ప్రతీకస్థాయికి దించరాదు. శిలయందు విష్ణుబుద్ధి ఉపాసన. విష్ణువునందు శిలాబుద్ధి అపరాధం. ఇప్పుడు కెమెరా పద్ధతిని పరిశీలించండి. సంభాషణ ఆగుతుంది, సంగీతం లేస్తుంది, కెమెరా మెల్లగా రాముని ముఖంపైకి జరుగుతుంది, చుట్టూ ఉన్నవారి ముఖాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఇది గర్భాలయ దర్శనపు అనుకరణ. అయితే అక్కడ నిలిచే ముఖం ఒక నటునిది. కొన్నేళ్లకు భక్తుడు కన్నులు మూసుకున్నా రాముని స్థానంలో అరుణ్ గోవిల్ గోచరిస్తాడు. దృష్టి పైనుండి క్రిందికి దిగింది.

ఫలితం రాజకీయులకు శీఘ్రంగా అవగతమైంది. సీత పాత్రధారిణి దీపికా చిఖ్లియా, రావణ పాత్రధారి అరవింద్ త్రివేది 1991లో లోక్‌సభకు ఎన్నికైనారు. (రావణునికి వోటు వేయుటకు కూడా అభ్యంతరం లేకపోయింది!) తెలుగువారు నవ్వుకొనే హక్కు లేదు. వెండితెర రామకృష్ణులకు తన ముఖమిచ్చిన ఎన్.టి.రామారావును 1985 నుండి శాసనసభకు పంపినది అనంత సీమలోని హిందూపురమే.

అదే సీమలో, ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో, దీనికి విరుగుడు ఉండెను. తోలుబొమ్మ కూడా దేవుని రూపమే. కానీ అది తోలని ప్రేక్షకునికి ఒక్క క్షణమైనా మరపునకు రాదు. తెల్లని తెర వెనుక దీపం, చర్మానికి చిల్లులు, కదిలే కీళ్లు, తెర మీద రంగుల నీడ, వెనుకనుండి ఆడించేవాని గొంతు. రాముడు నిష్క్రమించగానే బంగారక్క, జుట్టుపోలిగాడు ప్రవేశించి నవ్విస్తారు. భక్తి చెడదు, భ్రాంతి మాత్రం తొలగుతుంది. ఆ నీడను ఎవరూ రాముని స్వరూపమని భ్రమించరు, రాముని తలపుకు తెచ్చునని నమస్కరిస్తారు. పైన చెప్పిన సూత్రనియమం ఇక్కడ అక్షరం తెలియని రైతుకు సైతం సహజంగా సాధ్యమైంది.

ఇంకొక భేదం కరవుకు సంబంధించినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ పీఠభూమిలో, మబ్బు ముఖం చాటేసినప్పుడు ఊరివారు విరాటపర్వం ఆడించేవారు. ఇది గుడ్డి నమ్మకమని కొట్టివేయువారు ఆ పర్వాన్ని తెరచి చూడాలి. అజ్ఞాతవాసంలోని పాండవుల జాడ వెదకుచున్న దుర్యోధనునికి భీష్ముడు చెప్పే గుర్తులలో ఒకటి, ధర్మరాజు వసించు దేశంలో మేఘుడు కాలానికి వర్షించుట. కనుక విరాటపర్వమాడించుట అంటే ధర్మరాజు ఈ ఊరిలోనే మరుగున ఉన్నాడని రాత్రంతా భావన చేయుట. ఊరే యజమాని, ఊరే ప్రేక్షకుడు, అవసరం ఊరిది. మహాభారత ధారావాహికలోనూ విరాటపర్వం వస్తుంది. ఎన్నవ వారంలో రావాలో ఆ వారంలోనే, అనంతలో ఎండైనా ఢిల్లీలో వానైనా. మధ్యలో సబ్బు ప్రకటన.

నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. అదే సంవత్సరం మార్చి 28 నుండి దూరదర్శన్ సాగర్ రామాయణాన్ని పునఃప్రసారం చేసింది. ఆ గ్రామంలో ఇప్పుడు చర్మంపై రాముని చెక్కే చేతులు అధికంగా దీపపు గొడుగులు చేస్తున్నవి. వాటిలో రాముడు విద్యుద్దీపం చుట్టూ నిలిచి ఉంటాడు; తెర లేదు, ఆడించు గొంతు లేదు.