నూటయాభైలో తెలుగు పడుతుంది



చిన్న వ్యాపారం మొదలుపెట్టిన వారు ఇన్‌స్టాగ్రాములో పుట తెరవగానే రెండు రచనలు చేయవలసి వస్తుంది. మొదటిది పేరు కింద ఉండే పరిచయం. రెండవది పుట పైభాగాన పిన్ చేసి కదలకుండా నిలిపే తొలి టపా. ఈ రెండింటినీ తెలుగులో రాయడం కుదరదనీ, పరిచయానికి ఇచ్చే 150 అక్షరాల చోటు మన భాషకు చాలదనీ ఒక అభిప్రాయం వ్యాపించింది. నేను దానితో ఏకీభవించను. ఆ చోటులో పట్టనిది తెలుగు కాదు, ఆత్మస్తుతి.

శంషాబాదులో నా పూర్వ విద్యార్థిని ఒకామె పచ్చళ్ళు, పొడులు చేసి విమాన ప్రయాణికులకు ప్యాక్ చేసి ఇచ్చే దుకాణం పెట్టింది. పుట కోసం తాను రాసుకున్న పరిచయాన్ని నాకు పంపి, "తెలుగులో రాస్తే పట్టట్లేదు సార్, ఇంగ్లీషులోకి మార్చుకుంటా" అన్నది. ఆమె రాసినది ఇది:

స్వచ్ఛమైన నాణ్యతకు, అద్భుతమైన రుచికి మారుపేరు. మీ సంతృప్తే మా ధ్యేయం. సంప్రదాయబద్ధమైన ఇంటి పచ్చళ్ళు, పొడులు. విమానాశ్రయానికి అత్యంత సమీపంలో శంషాబాద్‌లో.

లెక్కపెడితే 152. పరిమితి కంటే రెండు ఎక్కువ. కాని మన కంటికి ఇందులో 152 అక్షరాలు కనబడవు. ఛందస్సు చదువుకున్న వారికి ఇక్కడే తికమక. మనం "పచ్చళ్ళు" అన్న మాటను మూడక్షరాలుగా లెక్కిస్తాము: ప, చ్చ, ళ్ళు. యంత్రం ఎనిమిదిగా లెక్కిస్తుంది. యూనికోడులో హల్లు ఒకటి, దాని గుణింతపు గుర్తు ఒకటి, ఒత్తు ఇవ్వడానికి వేసే పొల్లు ఒకటి, ఆ ఒత్తు హల్లు మరొకటి. అందుచేత ఒక సంయుక్తాక్షరం మూడు నాలుగు స్థానాలు తినేస్తుంది. ఉత్పలమాల పద్యం నాలుగు పాదాలకు 80 అక్షరాలు. అంత పద్యం కూడా ఈ 150లో ఇమడదు. "ఉత్పలమాల కంటే పొట్టి రచన" అని గుర్తుంచుకుంటే మనబోటి వారికి కొలత చేతికి వస్తుంది.

ఈ లెక్క తెలిస్తే ఏ మాటలు ఖరీదైనవో కూడా తెలుస్తుంది. "సంప్రదాయబద్ధమైన" అన్న ఒక్క విశేషణం 15 స్థానాలు. మొదటి రెండు వాక్యాలు కలిసి 69. ఆ రెండు వాక్యాలను చెప్పుల దుకాణానికి పెట్టినా, "రుచి" మాట ఒక్కటి మారిస్తే సరిపోతాయి. అంటే దాదాపు సగం చోటు ఏ సంగతీ చెప్పకుండానే ఖర్చయిపోయింది. పైగా ఆహారపు ప్రకటనలలో స్వచ్ఛం, తాజా, సంప్రదాయం వంటి మాటలను ఎప్పుడు వాడవచ్చునో 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు షరతులు పెట్టాయి. రుజువు చూపలేని విశేషణం చోటునూ తింటుంది, చిక్కునూ తెస్తుంది.

"శంషాబాద్‌లో" అన్న మాట దగ్గర ఒక చిన్న వ్యాకరణ లాభం ఉంది. పొల్లు దకారం పక్కన "లో" రాస్తే రెండూ కలిసిపోయి "శంషాబాద్లో" అవుతుంది. విడిగా నిలపాలంటే మధ్యలో కంటికి కనబడని విభజకం ఒకటి పెట్టాలి. అదీ ఒక స్థానమే. మొత్తం 11. దానినే మన భాషా స్వభావానికి తగినట్లు అజంతం చేసి "శంషాబాదులో" అంటే 10. విభజకం వెదుక్కునే పని తప్పింది, ఎవరి ఫోనులోనూ మాట చెదరదు, ఒక స్థానమూ మిగిలింది. బస్టాండు, ప్యాకింగు, ఆర్డరు అని మన పెద్దలు పలికిన తీరు ఇక్కడ అక్కరకు వస్తుంది.

ఇక అసలు సంగతి "విమానాశ్రయానికి అత్యంత సమీపంలో" అన్న మాట. ఇది వినడానికి ఉపయోగకరంగా ఉంటుంది గాని దారి చూపదు. 2008 మార్చి 23న రాకపోకలు మొదలైన ఆ విమానాశ్రయపు ఆవరణ సుమారు 5,500 ఎకరాలు. దానికి ఏ దిక్కున ఉన్నవారైనా సమీపమే అనవచ్చు. మెహదీపట్నం నుంచి పి.వి. నరసింహారావు వంతెన మీదుగా ఆరాంఘర్ చేరి జాతీయ రహదారి పట్టి వచ్చేవారికి శంషాబాదు ఊరు ఎదురవుతుంది. గచ్చిబౌలి నుంచి బాహ్యవలయ రహదారి మీద వచ్చేవారు ఊరిలోకి అడుగుపెట్టకుండానే టెర్మినలు వైపు తిరిగిపోతారు. వారు పచ్చడి కోసం కావాలని ఊరిలోకి మళ్ళాలి. ఆ నిర్ణయం కారులో కూర్చున్నాక కాదు, ఇంట్లో బయలుదేరేటప్పుడే జరగాలి. కనుక పరిచయంలో ఒక ఆనవాలు, తొలి టపాలో రెండు దారులూ ఉండాలి.

అలా ఆలోచించి మేమిద్దరం కూర్చిన పరిచయం ఇది:

నూనె కారని ప్యాకింగుతో ఆవకాయ, గోంగూర, పొడులు
శంషాబాదు బస్టాండు ఎదుటి సందు
రోజూ ఉదయం 6 నుంచి రాత్రి 11 దాకా
ఆర్డరు ఒక రోజు ముందు వాట్సాపులో

పంక్తి మార్పులతో కలిపి 138. ఇంకా 12 మిగిలాయి. ఏమి దొరుకుతుంది, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అడగాలి అన్న నాలుగు ప్రశ్నలకూ నాలుగు పంక్తులు. పొగడ్త లేదు. "నూనె కారని" అన్నది విశేషణమే గాని, అది కొనేవాడు పరీక్షించి చూడగల విశేషణం.

ఒక్క చోట మాత్రం ఇంగ్లీషు లిపిని ఉంచమన్నాను. పుట చిరునామాగా ఉండే యూజర్‌నేములో తెలుగు లిపికి అనుమతి లేదు. దాని కింద వచ్చే పేరు గడిలో తెలుగు రాయవచ్చును గాని, వెదికేటప్పుడు ఆ గడిలోని మాటలు కూడా లెక్కలోకి వస్తాయి. జనం వెదికేటప్పుడు టైపు చేసేది `pickles shamshabad` అనే. కాబట్టి దుకాణం పేరు తెలుగులో, ఆ రెండు మాటలు దాని పక్కన. ఈ గడిని 14 రోజులలో రెండుసార్లకు మించి మార్చనివ్వరు కనుక కాగితం మీద రాసి చూసుకున్నాకే ఎక్కించాలి.

తొలి టపాకు 2,200 స్థానాల చోటు ఉన్నది. ఇక్కడ ఇబ్బంది కొరత కాదు, వెసులుబాటు. చాలామంది "ఈ శుభ ముహూర్తాన మా చిరకాల స్వప్నం" అని మొదలుపెడతారు. చదివేవారికి ముందుగా కనబడేది మొదటి ఒకటి రెండు పంక్తులే. మిగిలినది నొక్కితేనే తెరుచుకుంటుంది. స్వప్నంతో ఆ పంక్తులు నిండిపోతే దుకాణం మూత కిందకు పోతుంది. ప్రారంభోత్సవపు ఫొటో వారం రోజులకు పాతబడుతుంది. పిన్ చేసిన టపా ఆరు నెలల తరువాత వచ్చినవానికి కూడా మొదటి పలకరింపు. అందుచేత మారనివి మాత్రమే అందులో ఉండాలి. ధరలు మారుతాయి, వాటిని వేరే టపాలో తేదీ వేసి పెట్టాలి. ఫోను నెంబరును బొమ్మలో చెక్కకుండా అక్షరాలలో రాయాలి.

ఆమె టపా చివరకు ఇలా తేలింది:

శంషాబాదు బస్టాండు ఎదుటి సందులో మా దుకాణం. విమానాశ్రయం లోపల మాకు దుకాణం లేదు.

ఆరాంఘర్ వైపు నుంచి వచ్చేవారికి దారిలోనే తగులుతుంది. బాహ్యవలయ రహదారి మీద వచ్చేవారు టెర్మినలుకు తిరగక ముందే ఊరిలోకి రావాలి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు విమానం తేదీ కాదు, మీరు దుకాణానికి వచ్చే తేదీ, గంట రాయండి.

పచ్చడిని చెక్-ఇన్ సామానులోనే పెట్టండి. చేతిసంచిలో పెడితే తనిఖీలో ఆపవచ్చు. అమెరికా వెళ్ళేవారు మాంసం పచ్చళ్ళు అడగవద్దు, అక్కడికి రానివ్వరు. మిగిలిన ఆహార పదార్థాలను కూడా అక్కడ దిగగానే డిక్లరేషనులో చెప్పండి.

కవరు అంచు తుడిచి సీలు వేసి, దాని మీద ఇంకొక కవరు వేస్తాము. మీ ఎదుటే నొక్కి చూపిస్తాము.

ఇందులో మూడవ పేరా విలువ మొదట మాకు తెలియలేదు. వచ్చిన ఆర్డర్లే తెలియజేశాయి. గల్ఫుకూ అమెరికాకూ పోయేవారు ఎక్కే విమానాలు పలు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయలుదేరుతాయి. 15వ తేదీ తెల్లవారుజామున 3 గంటల విమానానికి మూడు గంటల ముందు చేరాలంటే, ప్రయాణికుడు దుకాణం ముందు నుంచి పోయేది 14వ తేదీ రాత్రి. అతడు "15న కావాలి" అని రాస్తాడు. ఆమె 15 ఉదయానికి సిద్ధం చేస్తుంది. ఇద్దరిదీ తప్పు కాదు, తేదీ అన్న మాటదే తప్పు. ఒక్క వాక్యం ఆ చిక్కును తీర్చింది.

అయిదవ పేరాలో "అంచు తుడిచి" అన్న మాటా ఊరికే పెట్టినది కాదు. కవరు మూతి దగ్గర నూనె జిడ్డు ఉంటే వేడికి ప్లాస్టిక్కు సరిగా అతుక్కోదు. కింద బాగానే కనిపించిన సీలు, పైన గాలి ఒత్తిడి తగ్గి కవరు ఉబ్బినప్పుడు విడుతుంది. "అంతర్జాతీయ ప్రమాణాల ప్యాకింగు" అనే కంటే ఈ రెండు మాటలు ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి, ఎందుకంటే పని తెలిసినవారే ఆ మాట అనగలరు. టపా చివర ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల నమోదు సంఖ్యను కూడా చేర్చమన్నాను. 2022 జనవరి 1 నుంచి ఆ సంఖ్య బిల్లు మీద ఉండి తీరాలి. బిల్లు చేతికి రాకముందే అది కనబడితే కొత్తవారికి ధైర్యం.

ఇవి బాగా కుదిరాయో లేదో తెలుసుకోవడానికి పెద్ద కొలమానాలు అక్కరలేదు. మొదటి వారం వాట్సాపులో వచ్చిన ప్రశ్నలను ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఒకే ప్రశ్న మూడుసార్లు వచ్చిందంటే దాని జవాబు టపాలో లేదన్న మాట, లేదా ఉన్నా కిందెక్కడో ఉన్నదన్న మాట. ఆమెకు అలా వచ్చినది "టెర్మినలుకు తెచ్చి ఇస్తారా?" అన్న ప్రశ్న. పరిచయంలో మిగిలిన 12 స్థానాలలో దానికి జవాబు పట్టదు. టపా మొదటి పేరాకు "టెర్మినలుకు తెచ్చి ఇవ్వము" అన్న వాక్యాన్ని జతచేశాము. లేనిదానిని లేదని మొదటే చెప్పడం వ్యాపారానికి నష్టమని కొందరంటారు. రాత్రి పదకొండింటికి సామానుతో టెర్మినలు ముందు నిలబడి ఎదురుచూసే ప్రయాణికుడిని అడిగి చూడండి, నష్టం ఎవరిదో చెబుతాడు.

నల్లగొండ నుంచో గుంటూరు నుంచో కొడుకును విమానం ఎక్కించడానికి వచ్చే తల్లి ఈ పుట చదువుతుంది. ఆమెకు తెలుగులో రాయడం భాషాభిమానం కోసం కాదు. దారి తప్పకుండా, వేళ తప్పకుండా ఆమె రావడం కోసం.